ఒక్క గుక్కలో చెప్పే వాక్యం: ప్రెస్‌నోటును చదివే మాటగా మార్చడం ఎలా

బులెటిన్‌కు ఇరవై నిమిషాలుందనగా డెస్క్ మీదికి ప్రెస్‌నోటు వస్తుంది. దాన్ని అటూ ఇటూ సర్ది ప్రాంప్టర్‌లోకి ఎక్కించేస్తే, కళ్లతో చదివినప్పుడు బాగానే ఉంటుంది. న్యూస్‌రీడర్ నోట్లోకి వెళ్లేసరికి మాత్రం సగంలోనే ఊపిరి అయిపోతుంది. మచ్చుకు ఒక నోటు తీసుకుని మొదటి నుంచి చివరి దాకా మార్చి చూద్దాం. ఇది ఈ వ్యాసం కోసం అల్లుకున్నదే, నిజంగా వచ్చిన ప్రకటన కాదు. హైదరాబాద్ డెస్కుల మీదికి వచ్చే నీటి సరఫరా నోట్లు ఇంచుమించు ఈ బాణీలోనే ఉంటాయి.

"ప్రధాన పైపులైనుకు ఏర్పడిన లీకేజీలను అరికట్టే నిమిత్తం మరమ్మతు పనులు చేపట్టనున్నందున, ఈ నెల 14వ తేదీ ఉదయం 6 గంటల నుండి మరుసటి రోజు సాయంత్రం 6 గంటల వరకు, అనగా 36 గంటల పాటు, బోరబండ, ఎర్రగడ్డ, మూసాపేట, కూకట్‌పల్లి, మియాపూర్, నిజాంపేట, బాచుపల్లి, మల్లంపేట మరియు ప్రగతినగర్ ప్రాంతాలలో తాగునీటి సరఫరాకు అంతరాయం కలుగునని, కావున వినియోగదారులు నీటిని పొదుపుగా వాడుకోవాలని జలమండలి అధికారులు ఒక ప్రకటనలో తెలియజేశారు."

మొదట గుక్క ఎంతో కొలవండి

పదాలు లెక్కపెడితే తెలుగులో పని జరగదు. "ఈ" ఒక పదమే, "చేపట్టనున్నందున" కూడా ఒక పదమే. లెక్కపెట్టాల్సింది నోటితో పలికే అక్షరాలను. ఒత్తులతో ఉన్నా అది ఒక్క అక్షరమే. "మియాపూర్" చివర ఉన్న పొల్లును విడిగా లెక్కపెట్టక్కర్లేదు, కాబట్టి అందులో మూడు. అంకెల్ని మాత్రం పలికినట్టుగానే లెక్కపెట్టాలి. కాగితం మీద "36" రెండు గుర్తులే, నోట్లో "ముప్పై ఆరు" నాలుగు అక్షరాలు.

ఇలా లెక్క వేస్తే పై వాక్యం 194 అక్షరాలు. సెకనుకు ఆరు చొప్పున చదివినా అర నిమిషం దాటుతుంది. అర నిమిషం పాటు ఒకే వాక్యం.

మీ న్యూస్‌రీడర్ గుక్క ఎంతో తెలుసుకోవాలంటే ఆమె చదివిన పాత బులెటిన్ ఒక నిమిషం పెట్టుకుని వినండి. చేతిలో స్క్రిప్టు ఉంచుకుని, ఆమె గాలి పీల్చిన ప్రతిచోటా గీత పెట్టండి. గీతకూ గీతకూ మధ్య ఎన్ని అక్షరాలున్నాయో చూడండి. మామూలుగా 25 నుంచి 35 మధ్య తేలుతుంది. అంతకన్నా ఎక్కువ వచ్చినా, అక్కడ హాయిగా చదివారని కాదు, లాక్కొచ్చారని అర్థం. నేను 30ని గీతగా పెట్టుకుంటాను. మధ్యలో చిన్న విరుపు ఉంటే ఒకటి రెండు అక్షరాలు దాటినా ఫర్వాలేదు. 40 దాటిన వాక్యం ఎవరి నోట్లోనైనా ప్రమాదమే.

ఎందుకు ప్రమాదమంటే, ఊపిరి తగ్గేది వాక్యం చివర, తెలుగు క్రియ ఉండేదీ వాక్యం చివరే. "వచ్చింది", "రాలేదు" తేలేది అక్కడే. "నాలా మీద కట్టిన ప్రహరీ కూల్చడానికి ఇంకా అనుమతి రాలేదు" అన్న వాక్యాన్ని పొడుగ్గా సాగదీస్తే, మిగిలిన కాస్త గాలితో "రాలేదు" గొణుగుడై పోతుంది. వినేవాడికి "అనుమతి రా…" వరకే అందుతుంది. రికార్డింగ్‌లో చివరి క్రియ సన్నగిల్లుతోందా, "-న్నారు" మింగేసినట్టు ఉందా అని వినండి. అలా వినిపిస్తే తప్పు గొంతుది కాదు, వాక్యానిది.

క్రియల్ని ఏరండి

ఇప్పుడు నోటులో క్రియలన్నిటి కిందా గీత పెట్టండి. ఏర్పడిన, అరికట్టే, చేపట్టనున్నందున, కలుగునని, వాడుకోవాలని, తెలియజేశారు. మొత్తం ఆరు. రాతలో ఒక క్రియను ఇంకో దానికి తగిలించి, అన్నిటినీ చివరి క్రియకు కట్టేస్తాం. చదివేవాడు వెనక్కి వెళ్లి చూసుకోగలడు, వినేవాడు వెళ్లలేడు. "ఏర్పడిన", "చేపట్టే", "గల" వంటివి నామవాచకానికి ముందు వరస కట్టినప్పుడు, దేని గురించి చెబుతున్నామో తెలియకముందే దాని గుణగణాలన్నీ గుర్తుపెట్టుకోవాల్సి వస్తుంది.

ప్రతి క్రియ దగ్గరా ఒకే ప్రశ్న వేసుకోండి: ఇది విడిగా ఒక వాక్యం కాగలదా? "లీకేజీ ఏర్పడిన పైపులైను" అన్నది "పైపులైను లీకవుతోంది" అయిపోతుంది. "అరికట్టే నిమిత్తం మరమ్మతు పనులు చేపట్టనున్నందున" అన్నదాంట్లో మూడు పొరలున్నా సంగతి ఒక్కటే, బాగు చేస్తున్నారు. "తెలియజేశారు" వార్త కాదు, నోటు ఎలా వచ్చిందన్న సమాచారం. అలా ఆరు క్రియల నుంచి మిగిలేవి నాలుగు సంగతులు. నీళ్లు ఆగుతాయి, ఫలానా టైములో ఫలానా చోట. పైపు బాగు చేస్తున్నారు. పొదుపుగా వాడమంటున్నారు. చెప్పింది జలమండలి.

వరస మార్చండి, అర్థం మార్చకండి

నోటు కారణంతో మొదలవుతుంది, ఎందుకంటే ఆఫీసుకు కారణమే ముఖ్యం. మూసాపేటలో టీవీ ముందు కూర్చున్న మనిషికి కావాల్సింది వేరు. నీళ్లొస్తాయా, ఎప్పటి దాకా రావు, మా పేటకా కాదా. పైపు సంగతి ఆ తర్వాత. కాబట్టి చివరనున్న "అంతరాయం" మొదటికి రావాలి.

ఇక్కడొక గుంట ఉంది. "సరఫరాకు అంతరాయం" అన్నదాన్ని "నీళ్లు రావు" అని మార్చగానే వాక్యం గుక్కలో ఇమిడిపోతుంది, వినడానికీ బాగుంటుంది. కానీ అంతరాయమంటే పూర్తిగా బంద్ కావచ్చు, సన్నగా రావడమూ కావచ్చు. కొన్ని చోట్ల బందు, కొన్ని చోట్ల తక్కువ ప్రెషరు అని కూడా ఉండొచ్చు. రాతభాషలోని పెద్ద మాటలు చాలాసార్లు ఇలాంటి అస్పష్టతను కప్పిపెడతాయి. మాట్లాడే భాషకు ఆ సౌకర్యం లేదు. అందుకే తిరగరాసేటప్పుడు ఏదో ఒకటి తేల్చుకోక తప్పదు. నోటు ఇచ్చిన వాళ్లకు ఫోన్ చేసి అడగండి. పూర్తిగా బందయితే "నీళ్లు రావు", తక్కువ ప్రెషరయితే "నీళ్లు సన్నగా వస్తాయి". ఫోన్ ఎత్తకపోతే "నీటి సరఫరాకు ఇబ్బంది ఉంటుంది" అని ఊరుకోండి. మన నోటు విషయంలో పూర్తి బందేనని ఖాయం చేసుకున్నాం అనుకుందాం.

ఇంకో గుంట "రేపు". 13వ తేదీ రాత్రి తొమ్మిదింటి బులెటిన్‌లో "ఈ నెల 14వ తేదీ" కన్నా "రేపు" హాయిగా పలుకుతుంది. అదే క్లిప్పు అర్ధరాత్రి దాటాక మళ్లీ వేస్తే "రేపు" తప్పయిపోతుంది. మళ్లీ వేసే బులెటిన్‌కైనా, యూట్యూబ్‌లో పెట్టే ముక్కకైనా వారం పేరు వాడండి, "శుక్రవారం పొద్దున" అన్నట్టు. లైవ్ ఒక్కసారేనని తెలిస్తేనే "రేపు".

మార్చిన స్క్రిప్టు ఇలా ఉంటుంది. రాత్రి తొమ్మిదింటి లైవ్ కోసం రాసింది, పక్కన అక్షరాల లెక్క వేశాను.

నగరంలో కొన్ని చోట్ల రేపూ ఎల్లుండీ నల్లా నీళ్లు రావు. (19)

రేపు పొద్దున ఆరింటికి సరఫరా ఆగితే, మళ్లీ వచ్చేది ఎల్లుండి సాయంత్రం ఆరింటికే. (31)

మొత్తం ముప్పై ఆరు గంటలు. (9)

బోరబండ, ఎర్రగడ్డ, మూసాపేట, కూకట్‌పల్లి వాళ్లకు ఈ ఇబ్బంది ఉంటుంది. (26)

మియాపూర్, నిజాంపేట, ప్రగతినగర్, బాచుపల్లి, మల్లంపేటల్లోనూ ఇంతే. (24)

పెద్ద పైపులైను లీకవుతోంది, దాన్ని బాగు చేయడానికే ఈ బంద్. (22)

ఉన్న నీళ్లను పొదుపుగా వాడుకోవాలని జలమండలి కోరుతోంది. (24)

మొత్తం 155 అక్షరాలు. మధ్యలో ఆరు చోట్ల అర సెకను చొప్పున ఊపిరి తీసుకున్నా, పట్టే టైము పాతదానికి కొంచెం తక్కువే. "ముక్కలు చేస్తే వార్త పొడుగైపోతుంది" అనే బులెటిన్ ప్రొడ్యూసర్‌కు ఈ లెక్క చూపించొచ్చు.

ఈ ఏడు వాక్యాల్లో చేసిన పనులు

"కుళాయి" అనకుండా "నల్లా" అన్నాం. హైదరాబాద్‌లో ఇంట్లో అనుకునే మాట అదే. రెండు రాష్ట్రాలకూ వెళ్లే బులెటిన్ అయితే "నల్లా" తీసేసి ఊరికే "నీళ్లు రావు" అనండి. వాక్యం చెడదు, ఎవరికీ కొత్తగా ఉండదు. "బంద్" కూడా అంతే. "నిమిత్తం", "అనగా", "కావున", "కలుగును" ఎవరి నోటా రావు కాబట్టి పోయాయి. "మరియు" పోయిన చోట దాని బదులు ఇంకో మాట వెతుక్కోనక్కర్లేదు. తెలుగులో ఆ పని చివరి అచ్చును సాగదీస్తే అయిపోతుంది: "రేపూ ఎల్లుండీ". సాగదీయడం కుదరనిచోట చిన్న విరుపు చాలు.

తొమ్మిది పేటల వరసను రెండు గుక్కలకు పంచాం. ఎలా పంచాలన్నది కూడా చూసుకోవాలి. నోటులో ప్రగతినగర్ చివర విడిగా పడింది. దాన్ని నిజాంపేట, బాచుపల్లి మధ్యకు తెచ్చాం. పక్కపక్కన ఉన్న పేటలు ఒకే గుక్కలో వస్తే, ఆ దారిన తిరిగేవాడికి చెవిలో పటం గీసినట్టుంటుంది. "ఇంతే" అన్న చిన్న మాట రెండో వరసను మొదటి దానికి ముడేస్తుంది, లేకపోతే ఆ ఐదు పేర్లు గాల్లో వేలాడతాయి. ఒక గుక్కలో ఐదు పేర్లకు మించి పెట్టకండి. పేటలు ఇరవై ఉంటే చదవొద్దు, గ్రాఫిక్ ప్లేటు వేయించి "పూర్తి వివరాలు స్క్రీన్ మీద చూడండి" అనిపించండి. రేడియోకు ఆ దారి లేదు కాబట్టి నాలుగేసి చొప్పున విడగొట్టి, ప్రతి గుంపు ముందూ "నీళ్లు రానివి" అని గుర్తు చేయాలి.

"ఈ రాత్రికే పట్టి పెట్టుకోండి" అని రాయబుద్ధి వేస్తుంది. బాగుంటుంది కూడా. కానీ నోటులో లేదు. మాట్లాడే భాషలోకి వెళ్లగానే ఇలాంటి సలహాలు వాటంతటవే చేరిపోతాయి. జలమండలి పేరు తగిలించిన వాక్యంలో వాళ్లు అనని మాట ఉండకూడదు. పట్టి పెట్టుకోమని న్యూస్‌రీడర్ తన మాటగా చెప్పదలుచుకుంటే, అది వేరే వాక్యంగా, జలమండలి పేరు లేకుండా ఉండాలి.

టక్ టక్ మంటే

కొత్తగా తిరగరాసే వాళ్లు చేసే తప్పు పొడుగు వాక్యాలు కాదు, అతి పొట్టివి. క్రియ చివరే వచ్చే భాషలో వాక్యాన్ని పది ముక్కలు చేస్తే పది క్రియలు ఒకే తాళంలో మోగుతాయి. "పైపు పగిలింది. నీరు ఆగింది. బోర్డు స్పందించింది. పని మొదలైంది." నాలుగో "-ంది" దగ్గరికి వచ్చేసరికి ఒకటో తరగతి పాఠంలా ఉంటుంది. పైన ఉన్న ఏడు వాక్యాల చివర్లు చూడండి: రావు, ఆరింటికే, గంటలు, ఉంటుంది, ఇంతే, బంద్, కోరుతోంది. రెండే "-ంది"తో ముగిశాయి, అవీ పక్కపక్కన లేవు.

ఈ తేడా తెచ్చే ఉపాయాలు తెలుగులోనే ఉన్నాయి. క్రియే లేని వాక్యం ఒకటి: "మొత్తం ముప్పై ఆరు గంటలు." "వచ్చేది… ఆరింటికే" అన్నట్టు క్రియను ముందుకు జరిపి, అసలు సంగతిని చివర పెట్టడం ఇంకొకటి. దీనివల్ల గట్టిగా పలకాల్సిన మాట ఎక్కడుందో న్యూస్‌రీడర్‌కు చెప్పకుండానే తెలుస్తుంది. మూడోది, మనం రోజూ మాట్లాడేటప్పుడు చేసేదే, క్రియ అయ్యాక ఒక మాట తగిలించడం: "నీళ్లు రావు, రెండు రోజుల పాటు." ఒక వార్తలో ఒక్కసారి చేస్తే సహజంగా ఉంటుంది, మూడుసార్లు చేస్తే మరిచిపోయి చెబుతున్నట్టుంటుంది.

అన్నది ఎవరు

మన నోటు జలమండలి తన పని గురించి తానే చెప్పింది, కాబట్టి పేరు చివర వచ్చినా నష్టం లేదు. ఆరోపణ అయితే అలా కుదరదు. "ట్యాంకర్ నీళ్లకు అదనంగా వసూలు చేస్తున్నారని కాలనీవాసులు ఆరోపించారు" అన్న వాక్యాన్ని గుక్క కోసం రెండు చేశారనుకోండి: "ట్యాంకర్ నీళ్లకు అదనంగా వసూలు చేస్తున్నారు. కాలనీవాసులు ఇలా ఆరోపించారు." మొదటి వాక్యం అయిపోయేసరికి అది చానెల్ సొంత మాటయిపోయింది. విరగ్గొట్టాల్సి వస్తే అన్నవాళ్లను ముందుకు తెండి: "కాలనీవాసుల ఆరోపణ ఇదీ. ట్యాంకర్ నీళ్లకు అదనంగా తీసుకుంటున్నారని."

మాట్లాడే భాష కదా అని "అట", "అంట" వాడకండి. ఇంట్లో అది వినికిడి మాట, తెర మీద అది "మాకు నమ్మకం లేదు" అన్నట్టు వినిపిస్తుంది. "చెప్పారు" పదేపదే వస్తోందని దాని బదులు "చెప్పుకొచ్చారు" పెట్టడం ఈ మధ్య ఎక్కువైంది. ఆ మాటలో చిన్న వెటకారం ఉంది. రాసినవాడికి తెలియకపోయినా వినేవాడికి తెలుస్తుంది. "చెప్పారు" నాలుగుసార్లు వచ్చినా చెవికి పెద్దగా తగలదు.

అంకెలు, నోరు తిరగని మాటలు

"రూ. 1,47,350" కాగితం మీద చిన్నదే. పలికితే "లక్షా నలభై ఏడు వేల మూడు వందల యాభై రూపాయలు", అంటే ఇరవై అక్షరాలు, గుక్కలో మూడింట రెండు వంతులు. "దాదాపు లక్షన్నర" అంటే ఏడు. కచ్చితమైన అంకె వార్తకు ప్రాణమైతే, టెండరు మొత్తమో ఓట్ల తేడానో అయితే, దానికి ఒక వాక్యం మొత్తం ఇచ్చేయండి. ఒకే గుక్కలో రెండు పెద్ద అంకెలు పెడితే రెండూ నిలవవు.

"పునరుద్ధరణ", "శస్త్రచికిత్స", "ఉత్తీర్ణత" లాంటివి విడిగా అందరూ పలుకుతారు. చిక్కంతా అవి గుక్క చివర పడినప్పుడే. మార్చగలిగితే మార్చండి: సరఫరా పునరుద్ధరిస్తారు అనే చోట "మళ్లీ నీళ్లొస్తాయి". మార్చలేకపోతే వాక్యం మొదట్లోకి, గాలి నిండుగా ఉన్న చోటికి జరపండి. చట్టాల పేర్లు, కోర్టు ఉత్తర్వులోని మాటలు, ఒకరి నోటి మాటను అచ్చంగా చెప్పే చోట్లు మాత్రం ముట్టుకోవద్దు. వాటి ముందూ వెనకా విరుపు పెట్టి వదిలేయండి.

ఎవరి నోటికి రాస్తున్నారో అదీ చూసుకోవాలి. న్యూస్‌రీడర్‌ది కరీంనగర్ అయితే "నీళ్లు వస్తలేవు" ఆమెకు సొంత మాట. గుంటూరు మనిషి చేత అదే చదివిస్తే అనుకరణలా ఉంటుంది, వినేవాళ్లు వెంటనే పట్టేస్తారు. యాసను స్క్రిప్టులో రుద్దకండి. "రావడం లేదు" అని రాసివ్వండి, తన నోటికి వచ్చినట్టు పలుకుతారు.

ప్రాంప్టర్ మీద

అంకెల్ని అక్షరాల్లో టైపు చేయండి, "6 గం." కాదు "ఆరింటికి". ప్రాంప్టర్ లైను మీకు నచ్చినచోట విరగదు, దాని వెడల్పు నిండినచోట విరుగుతుంది. కాబట్టి ఎంటర్ మీరే కొట్టండి. "ఎల్లుండి సాయంత్రం" ఒక లైనులో, "ఆరింటికే" కింది లైనులో పడితే న్యూస్‌రీడర్ "సాయంత్రం" దగ్గర వాక్యం ముగిస్తున్నట్టు గొంతు దించేస్తారు. చిన్న విరుపుకు ఒక గీత, ఊపిరికి రెండు గీతలు పెట్టడం చాలామందికి అలవాటే:

రేపు పొద్దున ఆరింటికి
సరఫరా ఆగితే, /
మళ్లీ వచ్చేది
ఎల్లుండి సాయంత్రం ఆరింటికే. //

ఇచ్చేముందు మీరే పైకి చదవండి. గొణగడం పనికిరాదు, స్టూడియోలో ఎంత గొంతుతో చదువుతారో అంత గొంతుతో, కూర్చునే చదవండి. ప్రతి వాక్యం అయ్యాక గాలి పీల్చకుండా "అంతే కదా" అని అనగలగాలి. ఆ నాలుగు అక్షరాలకు గాలి మిగలకపోతే వాక్యం ఇంకా పొడుగ్గా ఉన్నట్టు. బులెటిన్ చివర వచ్చే వార్తలకైతే 30 బదులు 25 దగ్గరే ఆపండి. అప్పటికి ఆమె అరగంటగా చదువుతూ ఉంటారు, ఏసీ గాలికి గొంతు ఎండిపోయి ఉంటుంది, కాలర్ మైకు ప్రతి ఎగపీల్పునూ పట్టేస్తుంటుంది.